పాలిస్టర్ కలిసిన బట్టల మీద ఉండలు: ఎందుకు కడతాయి, తీసేస్తే బట్ట పాడవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూలు యూనిఫాంల గుడ్డ కొని, కుట్టించి ఇచ్చే పనిలో ఉన్నాను. జూన్‌లో బట్టలు ఇస్తాం. దసరా సెలవులు దాటేసరికి ఫోన్లు మొదలవుతాయి: "ఉండలు కట్టాయండీ." ప్రతి ఏడూ అవే అనుమానాలు, అవే జవాబులు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

రెండు మాటలు ముందే చెప్పాలి. గుడ్డ మీద లేచే సన్నటి పీచును ఇక్కడ నూగు అన్నాను. ఆ నూగు చుట్టుకుపోయి గుండులా తయారైతే ఉండ అన్నాను. మిల్లువాళ్లు దీన్ని పిల్లింగ్ అంటారు.

## ఉండలు కనిపించిన కొత్తలో

నెల తిరక్కుండానే ఉండలు కట్టాయి. నాసిరకం గుడ్డ అంటగట్టారా?

అలా అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఉండలు కట్టినంత మాత్రాన దారం కుళ్లిందనో, గుడ్డ చిరిగిపోతుందనో అనుకోనక్కర్లేదు. ఉండలు కట్టిన ప్యాంటును రెండు చేతులతో పట్టి లాగి చూడండి, కొత్తదానిలాగే నిలబడుతుంది. చూడ్డానికి బాగాలేదన్నది వేరు, బలం పోయిందన్నది వేరు. దారానికి పురి తక్కువ పెట్టారా, మిల్లులో నూగు కాల్చకుండా వదిలేశారా అన్నవి నాణ్యతకు సంబంధించిన ప్రశ్నలే. అయితే వాటికి జవాబు ఉండల్ని చూసి చెప్పలేం, కొత్త గుడ్డ ముక్క చూడాలి. అందుకే కుట్టించాక మిగిలిన ముక్కను పారేయకుండా దాచుకోమని చెబుతుంటాను.

పాత నూలు చొక్కా పదేళ్లు తొడిగినా ఉండలు లేవు. టెర్రీకాటన్‌కే ఎందుకు వస్తాయి?

నూలు చొక్కాకూ వస్తాయి. వచ్చినవి రాలిపోతాయి కాబట్టి మన కంట పడవు.

దారం అంటే చిన్న చిన్న పీచులన్నీ పక్కపక్కన పేర్చి పురి పెట్టినది. పత్తి పీచు పొడవు సుమారు 28 మిల్లీమీటర్లు ఉంటుంది. దానితో కలపడానికి పాలిస్టర్‌ను కూడా 38 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తారు. ఇన్ని ముక్కలు ఉన్నప్పుడు వాటి కొసలన్నీ దారం లోపలే ఉండవు, కొన్ని బయటికి పొడుచుకొస్తాయి. బట్ట దేనికైనా రాసుకున్నప్పుడల్లా ఆ కొసలు మరికొంచెం బయటికి వస్తాయి. అది నూగు. పక్కపక్కన ఉన్న నూగు కొసలు ఒకదానికొకటి మెలిపడి ముడి పడతాయి. అది ఉండ. ఇంతవరకు పత్తికైనా పాలిస్టర్‌కైనా ఒకటే కథ.

తేడా ఆ తర్వాత వస్తుంది. ఉండను గుడ్డకు పట్టి ఉంచేవి నాలుగైదు పీచులే. పత్తి పీచు అటూ ఇటూ వంగీ వంగీ కొన్నాళ్లకు తెగుతుంది, దాంతో ఉండ ఊడిపోతుంది. పాలిస్టర్ పీచు అన్నిసార్లు వంచినా తెగదు. కాబట్టి ఉండ వేలాడుతూనే ఉంటుంది, దాని పక్కన ఇంకొకటి చేరుతుంది. బట్ట ఎక్కువ కాలం మన్నాలని పాలిస్టర్ కలుపుతాం. ఆ గట్టితనమే ఉండను కూడా మన్నేలా చేస్తుంది.

పాలిస్టర్‌తో విస్కోస్, అంటే చెక్క గుజ్జుతో తయారుచేసే పీచు, కలిపి నేసిన ప్యాంటు గుడ్డలోనూ ఇంతే. అక్కడ బలహీనమైన జోడీ విస్కోస్. అది త్వరగా తెగి నూగు అవుతుంది, పాలిస్టర్ ఆ నూగును పట్టుకుని కూర్చుంటుంది.

ఆ ఉండలో ఉన్నది పాలిస్టరా, పత్తా? ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, చూడ్డానికి సరదాగా కూడా ఉంటుంది. ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి పెట్టి, లేదా భూతద్దంతో ఒక ఉండను చూడండి. సూదితో దాన్ని కొంచెం పైకెత్తితే గొడుగు కింద కాడలా సన్నటి పీచులు గుడ్డలోకి దిగి ఉంటాయి. నిగనిగలాడుతూ, నైలాన్ తాడులా ఒకే లావున ఉన్నవి పాలిస్టర్. పైన గుండులో చిందరవందరగా, నలిగిన రిబ్బన్‌లా కనిపించేవి పత్తి. చాలా ఉండల్లో కాడలు పాలిస్టర్‌వి, గుండులో రెండూ కలిసి ఉంటాయి.

ఇంకో పద్ధతి, కత్తిరించిన ఉండలు నాలుగు కలిపి పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద కాల్చడం. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లకు పొడిలా అంటుతుంది. పాలిస్టర్ కరిగి, ముడుచుకుని, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. కలిసినదైతే బూడిద మధ్యలో గరుకు పూసలు తగులుతాయి. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

బట్టంతా ఒకే గుడ్డ కదా, చంకల కింద, తొడల దగ్గరే ఎందుకు కడతాయి?

అక్కడే రాపిడి. పిల్లల చొక్కాలో అయితే ముందు చూడాల్సింది భుజం వెనక, అంటే స్కూలు బ్యాగు పట్టీ ఆనుకునే చోటు. ఆ పట్టీ గరుకు నేత, నడిచే ప్రతి అడుగుకూ అటూ ఇటూ కదులుతుంది. ప్యాంటులో సీటు, తొడల లోపలి వైపు, జేబు అంచు. ఆఫీసుకు వెళ్లేవాళ్ల చొక్కాలకు ముంజేతి కింద, బల్ల అంచు తగిలే చోట. స్కూటీ మీద వెళ్లేవాళ్లకు సీటు దగ్గర.

దీనితో ఒక ఉపయోగం ఉంది. ఉండలు ఇలాంటి చోట్లే ఉంటే కారణం ఎక్కువగా వాడకం. బట్టంతా, వీపు మధ్యలోనూ, కాలర్ కిందా సమానంగా ఉంటే గుడ్డనో, ఉతికే తీరునో అనుమానించాలి.

పోయినేడు ఇదే గుడ్డ బాగుంది. ఈ ఏడు అదే రంగు, అదే ధర, ఎందుకిలా అయింది?

మాకే జరిగిన సంగతి చెబుతాను. నీలం ప్యాంటు గుడ్డ, 65 పాలు పాలిస్టర్, 35 పాలు విస్కోస్. వరసగా రెండేళ్లు ఒకే సరఫరాదారు దగ్గర తీసుకున్నాం. మొదటి ఏడు ఒక్క ఫిర్యాదు లేదు. రెండో ఏడు దీపావళికే తొడల దగ్గర ఉండలు. అమ్మినాయన "అదే క్వాలిటీ" అన్నాడు. చీటీ మీద చూస్తే నిజంగా అదే: అదే మిశ్రమం, అదే బరువు, అదే దారం నంబరు.

రెండేళ్ల ముక్కలూ దాచి ఉంచాను కాబట్టి పక్కపక్కన పెట్టి చూశాం. ముక్కను మడిచి, మడత అంచును కిటికీ వెలుగుకు అడ్డంగా కంటి ఎత్తులో పట్టుకుంటే పాత ముక్క అంచు గీత గీసినట్టు ఉంది. కొత్త ముక్క అంచు మీద లేత గడ్డంలా నూగు. ఒక్క ఉతుకు కూడా పడని గుడ్డ అది. ఈ నూగును మిల్లులో గ్యాస్ మంట మీదుగా గుడ్డను చాలా వేగంగా నడిపించి కాల్చేస్తారు, దాన్ని సింజింగ్ అంటారు. రెండో ఏటి గుడ్డకు ఆ పని సరిగా జరగలేదని అక్కడే అర్థమైంది.

తర్వాత దారం పీకి చూశాం. వేలి పొడవు దారాన్ని రెండు చివర్లా పట్టి పురి విప్పితే పాతదానికి ఎక్కువ చుట్లు తిప్పాల్సి వచ్చింది. కొత్తదానికి పురి తక్కువ, కొంచెం తిప్పగానే పీచులు విడిపోయి జారాయి. పురి తగ్గిస్తే అదే యంత్రం గంటకు ఎక్కువ దారం వడుకుతుంది, గుడ్డ చేతికి మెత్తగా కూడా ఉంటుంది. మెత్తగా ఉందని మేం సంతోషపడి తీసుకున్న మాట కూడా నిజమే. మిశ్రమం, బరువు, దారం నంబరు చూసి గుడ్డ ఒకటే అనుకోవడం మా తప్పు. చీటీ మీద పురి ఉండదు, కాల్చారో లేదో ఉండదు.

నల్ల ప్యాంటు మీద తెల్ల ఉండలు ఉన్నాయి. ప్యాంటులో తెల్ల పీచే లేదు, ఎక్కడివి?

తువ్వాళ్లవి. పాలిస్టర్ తేమను పీల్చుకోదు, అందుకే పొడిగా ఉన్నప్పుడు దాని మీద స్టాటిక్ కరెంటు నిలిచి, చుట్టుపక్కల నూగును లాక్కుంటుంది. ప్యాంటు సొంత నూగు ఆ తెల్ల పీచును కూడా తనలో చుట్టేసుకుంటుంది. ఒకసారి ముడి పడ్డాక దులిపినా పోదు. తువ్వాళ్లు, బనియన్లు, దుప్పట్లు ఒక విడత, ముదురు రంగు ప్యాంట్లు ఇంకో విడత వేస్తే చాలావరకు తగ్గుతుంది.

## ఉతికేటప్పుడు

ఇదంతా వాషింగ్ మెషీన్ వల్లేనా? చేత్తో ఉతికితే రావా?

తడిసిన బట్టలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల నూగు లేస్తుంది, అందులో మెషీన్ వాటా ఉంది. మధ్యలో రెక్క తిరిగే టాప్ లోడ్‌లో రాపిడి ఎక్కువ, డ్రమ్ము పక్కకు తిరిగే ఫ్రంట్ లోడ్‌లో తక్కువ. కానీ చేత్తో ఉతకడం అంటే చాలా ఇళ్లలో బండ మీద పరిచి ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దడం. ఆ బ్రష్షు కంటే మెషీనే నయం. కాలర్లు, మోకాళ్లు బ్రష్షు పెట్టే చోట ముందుగా నూగు లేవడం చూస్తూనే ఉంటాం.

ఒక్క అలవాటు మార్చుకోమంటే బట్టను తిరగేసి వేయమంటాను. రాపిడి తగ్గదు, కానీ పడే దెబ్బ లోపలి వైపు పడుతుంది. జీన్స్, జిప్పులు, హుక్కులు ఉన్నవి ఆ విడతలో లేకుండా చూసుకోండి. రోజువారీ యూనిఫాంకు ఉండేది చెమట, సుద్దపొడి అంతే. వాటికి చిన్న సైకిల్ చాలు, గంటన్నర సైకిల్ దండగ.

మెత్తగా ఉండాలని ఆఖర్లో సాఫ్టనర్ లిక్విడ్ వేస్తున్నాం. మంచిదేనా?

పాలిస్టర్ కలిసిన బట్టకు నేనైతే మానేస్తాను. సాఫ్టనర్ పీచు మీద జారుడు పూతలా పడుతుంది. దారాన్ని దారంగా పట్టి ఉంచేదే పీచుల మధ్య ఉన్న పట్టు. అది సడలితే కొసలు తేలిగ్గా బయటికి జారతాయి. బట్ట అప్పటికి మెత్తగా ఉంటుంది, నూగు మాత్రం త్వరగా లేస్తుంది. స్టాటిక్ తగ్గించడం దాని మంచి గుణం, చలికాలంలో బట్ట ఒంటికి అతుక్కుంటుంటే అప్పుడప్పుడు వాడండి.

గంజి పెడితే నూగు అణిగిపోతుందా?

నూలు బట్టకైతే బాగా అణుగుతుంది. టెర్రీకాటన్‌లో గంజి పత్తి పీచుకు పడుతుంది, పాలిస్టర్‌కు సరిగా అంటదు. కాబట్టి సగం పని చేస్తుంది. పైగా తర్వాతి ఉతుకులో పోతుంది. ఇప్పటికే కట్టిన ఉండల మీద గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే అవి అప్పడాల్లా చదునై ఇంకా గట్టిపడతాయి. ముందు తీసి, ఆ తర్వాత పెట్టుకోవాలంటే పెట్టుకోండి.

## తీసేటప్పుడు

ఉండలు తీసేస్తే గుడ్డ బలం తగ్గుతుందా? గుడ్డలోంచే కదా పీచు పోయేది?

ఇది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. కత్తిరించి తీస్తే చెప్పుకోదగ్గ బలమేమీ తగ్గదు. పీకితే కొంత తగ్గుతుంది. దారానికి కోత పడితే మాత్రం చిల్లే.

లెక్క వేసి చూద్దాం. చొక్కాల్లో ఎక్కువగా వాడే 30వ నంబరు దారం ఒక కిలోమీటరు పొడవుకు సుమారు 20 గ్రాములు తూగుతుంది. అందులో కలిపే 1.4 డెనియర్ లావున్న పాలిస్టర్ పీచు కిలోమీటరు పొడవుకు 0.16 గ్రాములు కూడా ఉండదు. మామూలు పత్తి పీచు కూడా దాదాపు అంతే. భాగిస్తే, దారాన్ని ఎక్కడ అడ్డంగా కోసినా అక్కడ 125 పీచుల దాకా ఉంటాయి. ఇప్పుడు ఒక ఉండను పట్టుకుని ఉన్న ఆరు పీచులు మూడు పక్కపక్క దారాల నుంచి వచ్చాయనుకోండి. ఒక్కో దారం నుంచి రెండు. 125లో రెండు అంటే నూటికి రెండు కూడా కాదు.

పైగా ఆ రెండూ మీరు కత్తిరించిన రోజున పోయినవి కావు. పీచు దారంలో పురి కింద నొక్కుకుని ఉన్నంతసేపే బరువు మోస్తుంది. బయటికి వచ్చి గాల్లో వేలాడుతున్న భాగం ఏమీ మోయదు. ఉండ అంతా అలాంటి బయటి భాగమే. దారానికి జరిగిన నష్టం పీచు జారి బయటికొచ్చిన రోజే జరిగిపోయింది, ఉండను ఉంచినా తీసినా అది తిరిగి రాదు. కత్తిరించినప్పుడు బయటి ముక్క పోయి, లోపలి ముక్క దారంలోనే ఉండిపోతుంది.

మరి ఉండలు కట్టిన చోటే బట్ట ముందు చిరుగుతుంది కదా అంటారు. చిరుగుతుంది. కారణం ఉండలు తీయడం కాదు, అక్కడి రాపిడి. ఉండలు కట్టించిన రాపిడే పత్తినీ విస్కోస్‌నూ పొడి చేసి రాల్చేస్తూ ఉంటుంది. ప్యాంటు తొడల దగ్గర పలచబడి వల లాంటి గుడ్డ మిగిలితే అది విస్కోస్ పోయి పాలిస్టర్ ఒక్కటే మిగిలిన గుడ్డ. అక్కడ ఒక్కసారి కూడా ఉండలు తీయకపోయినా అలాగే అవుతుంది.

చేత్తో గిల్లి పీకేస్తే ఏమవుతుంది? టీవీ చూస్తూ అదే పని చేస్తుంటాను.

చాలామంది చేస్తారు. ఒకసారి నెమ్మదిగా పీకి గమనించండి. ఉండ వెంట సన్నటి పీచు సాగుతూ వస్తుంది, వచ్చిన చోట గుడ్డ చిన్నగా ముడుచుకుంటుంది. అంటే దారం లోపల ఇంకా పురి కింద పని చేస్తున్న భాగాన్ని కూడా లాగేస్తున్నారన్నమాట. మొత్తం 38 మిల్లీమీటర్ల పీచులో 10 మిల్లీమీటర్లు బయట ఉంటే, మిగతా 28 కూడా బయటికి వస్తుంది. వస్తూ వస్తూ పక్క పీచుల్ని కూడా వదులు చేస్తుంది. వచ్చే వారం అదే చోట కొత్త నూగు అందుకే లేస్తుంది. పొట్టి పీచు ఉన్న బనియన్ గుడ్డకు ఇది మరీ చేటు.

ఉండలు తీసే షేవర్ కొన్నాం కానీ చిల్లు పడుతుందని భయం. ఎలా వాడాలి?

భయం సబబే. షేవర్‌లో బ్లేడుకు ముందు చిల్లుల రేకు ఉంటుంది. చిల్లులోంచి లోపలికి దూరిన దేన్నయినా బ్లేడు కోస్తుంది. ఉండ దూరితే ఉండను, గుడ్డ దూరితే గుడ్డను. కాబట్టి మెళకువంతా గుడ్డ ఆ చిల్లుల్లోకి ఉబ్బకుండా చూడటంలోనే ఉంది.

బట్ట పూర్తిగా ఆరి ఉండాలి. బల్ల మీద లేదా అట్ట మీద పరవండి, పరుపు మీదా ఒళ్లోనూ పెట్టుకోకండి. కింద మెత్తగా ఉంటే గుడ్డ లోపలికి కుంగి మడత పడుతుంది. రెండో చేత్తో ముడత పోయేంతవరకే సరిచేయండి, సాగదీయొద్దు. అల్లిక గుడ్డను సాగదీస్తే ఉచ్చులు తెరుచుకుని రేకు చిల్లుల్లోకి దూరతాయి. ఎత్తు మార్చే వీలుంటే ఎక్కువ ఎత్తులో మొదలుపెట్టండి. నొక్కకుండా, బరువు ఆనించకుండా చిన్న చుట్లుగా తిప్పండి. ఒకే చోట పదిసార్లు తిప్పే బదులు రెండుసార్లు తిప్పి పక్కకు జరగండి.

కుట్టు గీతలు, జేబు మూలలు, బొత్తాల పట్టీ, స్కూలు బ్యాడ్జి ఎంబ్రాయిడరీ దగ్గరికి షేవర్ తీసుకెళ్లొద్దు. అక్కడ గుడ్డ ఎత్తుగా ఉంటుంది, నొక్కకపోయినా నొక్కినట్టే అవుతుంది. నేను చేసిన ఒకే ఒక్క చిల్లు పక్క కుట్టు మీదే పడింది. అలాంటి చోట్ల చిన్న కత్తెరను గుడ్డకు సమాంతరంగా పట్టి ఒక్కొక్కటే కత్తిరించడం ఆలస్యమైనా క్షేమం.

ప్యాంటు గుడ్డలాంటి దగ్గర నేతకు షేవర్‌తో ప్రమాదం తక్కువ. టీషర్టు అల్లికలో ఒక్క దారం తెగితే దాని పక్క ఉచ్చు కూడా విడిపోయి, చిల్లు ఉతుకు ఉతుకుకూ పెరుగుతుంది. పొరపాటున తెగితే ఉతక్కముందే లోపలి వైపు నుంచి నాలుగు కుట్లు వేయండి.

గడ్డం గీసే రేజర్, మడమలు రుద్దే రాయి, సెలోటేపు పనికొస్తాయా?

రేజర్ పనికొస్తుంది, కానీ చిల్లుల రేకు లాంటి అడ్డు దానికి లేదు. నేత గుడ్డ మీద, ఒకే దిశలో, దాదాపు పడుకోబెట్టి, తేలిగ్గా నడిపితే సరే. టీషర్టు మీద వద్దు. రాయి ఉండల్ని చీల్చి తీస్తుంది, అదే ఊపులో గుడ్డను గీకి కొత్త నూగు లేపుతుంది. మందపాటి స్వెట్టరుకైతే ఏమో గానీ టెర్రీకాటన్‌కు వద్దు. సెలోటేపుకు ఉండలు రావు, ఊరికే అంటుకున్న తువ్వాలు నూగు, జుట్టు వస్తాయి.

మిల్లులో మంట మీద కాలుస్తారట. ఇంట్లో కొవ్వొత్తితో అలా చేయొచ్చా?

వద్దు. మిల్లులో నిమిషానికి పదుల మీటర్ల వేగంతో పోయే గుడ్డకు మంట తగిలేది కనురెప్పపాటు, అది కూడా ఉండ కట్టకముందు, ఒంటరి పీచు కొసలకు. ఇంట్లో చేతి వేగానికి ఉండలోని పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది. అది ఒంటికి గుచ్చుకుంటుంది, ఇక ఏ షేవర్‌కూ లొంగదు. తొడిగి ఉన్న బట్ట మీద అగ్గిపుల్ల ఆడించేవాళ్లనూ చూశాను, కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటే ఊడదు.

## తీసేశాక

తీసిన వారానికే మళ్లీ వస్తున్నాయి. తీయడం వల్లే ఎక్కువవుతున్నాయా?

గడ్డం గీస్తే దట్టంగా వస్తుందన్నట్టే ఇదీ ఒక నమ్మకం. కాకపోతే ఇందులో కొంచెం నిజం ఉంది. కత్తిరించినప్పుడు పీచు లోపలి ముక్క దారంలోనే ఉంటుంది, దాని పట్టు మునుపటి కంటే తక్కువ. రాపిడికి అదీ బయటికి జారి కొత్త నూగు అవుతుంది. అయితే ఈసారి అది పొట్టిది. పొట్టి నూగు సరిగా మెలిపడదు, పెద్ద ఉండ కట్టలేదు.

మా అబ్బాయి పీటీ టీషర్టు మీద దీన్ని చూశాను. ఎడమ సగం షేవర్‌తో తీశాను, కుడి సగం అలాగే వదిలేశాను. మూడో ఉతుకుకే ఎడమ వైపు మళ్లీ కట్టాయి, కానీ ఆవగింజంత కూడా లేవు. రెండోసారి తీశాక ఇంకా తగ్గాయి. కుడి వైపు మొదటి ఉండలు వెళ్లిపోకుండా పక్క నూగునూ, తువ్వాలు పీచునూ కలుపుకుని పెద్దవయ్యాయి. ఏడాది చివర రెండు వైపులా గుడ్డను వెలుగుకు పెట్టి చూస్తే మందంలో తేడా కనిపించలేదు. ఒక్క టీషర్టు కథే ఇది, కాకపోతే అప్పటి నుంచి ఉండల్ని చిన్నగా ఉన్నప్పుడే తీయమని చెబుతున్నాను.

వదులు పీచు అంతా బయటికొచ్చేశాక ఉండలు వాటంతట అవే తగ్గుతాయి. పురి తక్కువ పెట్టిన గుడ్డలో మాత్రం ఆ రోజు వచ్చేలోపు బట్టే పాతబడుతుంది.

ఎన్నిసార్లు తీయొచ్చు? ఎప్పుడు ఆపాలి?

లెక్క పెట్టడం కంటే వెలుగులో చూడటం మేలు. బట్టను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. ఉండలు కట్టిన చోటూ, ఎప్పుడూ రాపిడి తగలని చోటూ (జేబు కింది గుడ్డ, మడత లోపలి వైపు) పోల్చండి. వెలుగు ఒకేలా వస్తుంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. రాపిడి చోట వెలుగు ఎక్కువ వస్తూ, దారాల మధ్య సందులు కనిపిస్తుంటే అక్కడ గుడ్డ అరిగిపోయింది. ఇక షేవర్ పెట్టొద్దు, దారం నేరుగా రేకుకు తగులుతుంది. ప్యాంటు అయితే లోపలి నుంచి ఒక ముక్క వేయించి ఇంకో ఏడాది నడిపించవచ్చు.

## మళ్లీ కొనేటప్పుడు

దుకాణంలో నిలబడి ఎలా కనిపెట్టాలి?

మూడు పనులు చేస్తాను. మడత అంచును వెలుగుకు పట్టి నూగు చూస్తాను. గుడ్డ ముఖాన్ని గుడ్డ ముఖానికే ఆనించి బొటనవేలితో ఒకే చోట నూరుసార్లు గట్టిగా తిప్పి రుద్దుతాను. రుద్దిన చోట నూగు లేచి చిన్న గుబురైతే వద్దంటాను. మూడోది, అంచు నుంచి ఒక దారం పీకి పురి విప్పి చూస్తాను. కొద్దిగా తిప్పగానే పీచు జారిపోతే అనుమానమే. ఈ రుద్దుడు మరీ చెడ్డ గుడ్డను పట్టిస్తుంది, ఒక మోస్తరు గుడ్డకూ మంచి గుడ్డకూ తేడా చెప్పలేదు. చేతికి దూదిలా తగిలే కొత్త గుడ్డను చూస్తే మాత్రం ఇప్పుడు నాకు సంతోషం కంటే టెన్షనే ఎక్కువ.

అయితే పూర్తిగా పాలిస్టర్‌దే తీసుకుంటే సరిపోతుందిగా?

ఏ రకం పాలిస్టర్ అన్నదాన్ని బట్టి. కొసలు లేకుండా మైళ్ల కొద్దీ ఒకటే పోగులా వచ్చేది ఫిలమెంట్. సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసే పాలిస్టర్‌లో, మన సింథటిక్ చీరల్లో కనిపించేది ఇలాంటిదే. బయటికి పొడుచుకొచ్చే కొసలే లేవు కాబట్టి ఉండలు దాదాపు రావు, గాజులకూ మేకులకూ తగిలి పోగు లేవడం దాని జబ్బు. ముక్కలుగా కోసి వడికిన పాలిస్టర్‌తో అల్లిన టీషర్టుకు మాత్రం ఉండలు బాగానే వస్తాయి. ఫిలమెంట్ గుడ్డ చెమట పీల్చదు. మే నెలలో దాన్ని పిల్లలకు తొడిగించడం నాకిష్టం లేదు.

"యాంటీ పిల్లింగ్" అని రాసి ఉంది. నమ్మొచ్చా? గ్రేడ్ 4 అంటే ఏమిటి?

ఆ మాటకు ఒక అర్థం, దానికో పద్ధతి ఉన్నాయి. పిల్లింగ్ తగ్గించాలని తయారుచేసే పాలిస్టర్ పీచును కావాలనే కొంచెం బలహీనంగా చేస్తారు. నూగు లేచినా, ఉండ కట్టినా పట్టి ఉంచే పీచు వంగి వంగి తెగిపోయి, నూలు బట్టలోలాగే ఉండ రాలిపోతుంది. అంటే ఇక్కడ ఉండలు తగ్గించడానికి కొంత బలాన్ని మిల్లే ముందుగా వదులుకుంది.

గ్రేడ్ అనేది ప్రయోగశాలలో ఇచ్చే మార్కు. 5 అంటే మార్పేమీ లేదు, 1 అంటే గుడ్డంతా దట్టంగా ఉండలు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12945 పద్ధతుల్లో ఒకటి, గుడ్డ ముక్కల్ని రబ్బరు లాంటి గొట్టాలకు తొడిగి, లోపల కార్క్ పరిచిన పెట్టెలో వేసి తిప్పడం. నిమిషానికి 60 చుట్ల వేగంతో ముందే అనుకున్నన్ని చుట్లు, ఉదాహరణకు 5 గంటలు, అంటే 18,000 చుట్లు తిప్పాక బయటికి తీసి చూస్తారు. ఇంకోటి, మార్టిండేల్ యంత్రం మీద గుడ్డకు గుడ్డను రుద్దడం. కాబట్టి అమ్మేవాళ్లు "గ్రేడ్ 4" అంటే ఏ పద్ధతిలో, ఎన్ని చుట్లకు, ఉతికిన గుడ్డకా ఉతకని గుడ్డకా అని అడగండి. 2,000 చుట్లకు వచ్చిన 4, 18,000 చుట్లకు వచ్చిన 4 ఒకటి కావు. మేము ఇప్పుడు ఐదు ఉతుకుల తర్వాత చేసిన పరీక్ష కాగితం అడుగుతున్నాం, కనీసం 3-4 ఉంటేనే తాను కోయిస్తున్నాం.